20వ తేదీకి ముందు రోజు ఫోన్‌లో దొరకను: టీం గ్రూపులో హ్యాండోవర్ మెసేజ్ ఎలా పెట్టాలి?

లక్ష్మి_రాజమండ్రి | జూన్ 16, 2025, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ గారి ఆఫీసులో పని చేస్తున్నాను. క్లయింట్ల జీఎస్టీ రిటర్నులు, సరుకు లారీలకు తీసే ఈ-వే బిల్లులు నావే. 19 గురువారం మా నాన్నగారి ఆబ్దికం. తిథిని బట్టి వచ్చింది కాబట్టి మార్చుకునే వీలు లేదు. తమ్ముడు పెడతాడు, వంట నాది. మడి కట్టుకున్నాక ఫోన్ ముట్టుకోను. అదీగాక మా ఊరు గోదావరి లంకలో ఉంది, సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. 20 ఉదయం తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉంటాను.

ఇబ్బందల్లా ఏమిటంటే 20వ తేదీ మే నెల జీఎస్టీ 3బి రిటర్నులకు ఆఖరి రోజు. మూడు మిగిలాయి. దానికి తోడు ఒక ప్లైవుడ్ పార్టీ లారీ 15న నాగపూర్ బయలుదేరింది. దాని ఈ-వే బిల్లుకి, పోర్టల్ చూపించిన దూరానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున 4 రోజుల గడువు వచ్చింది. అంటే 19 అర్ధరాత్రితో అయిపోతుంది.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మా సార్, రమేష్ గారు, సుధ, ఆఫీస్ బాయ్, ఇంకో ఇద్దరు ట్రైనీలు ఉన్నారు. ఈ మెసేజ్ రాసుకున్నాను:

"అందరికీ నమస్కారం. ఎల్లుండి పర్సనల్ పని మీద ఊరు వెళ్తున్నాను. ఫోన్ అందుబాటులో ఉండదు. పెండింగ్ పనులన్నీ షీట్‌లో ఉన్నాయి. 3బి మూడు ఉన్నాయి, రమేష్ గారు, సుధ చూసుకోండి. ప్లైవుడ్ వాళ్ల ఈ-వే బిల్లు కూడా చూడాలి. అర్జంట్ అయితే కాల్ చేయండి."

సరిపోతుందా? ఏదో లోటుగా అనిపిస్తోంది.

కిరణ్_గుంటూరు | 6:58

నాకైతే ఇదే ఎక్కువ అనిపిస్తోంది అండీ. గ్రూపులో పెద్ద మెసేజ్ ఎవరూ చదవరు. "19 సెలవు, పనులు షీట్‌లో ఉన్నాయి, సుధ చూస్తుంది" అంటే చాలు. వివరాలు కావాలంటే సుధకి విడిగా చెప్పుకోండి. గ్రూపు అంటే నోటీసు బోర్డు, అంతే.

నాగమణి_వరంగల్ | 7:15

అమ్మా, ఆబ్దికానికి సెలవు అడగడానికి అంత మొహమాటం దేనికి? అది నీ హక్కు. మీ సార్‌కి గ్రూపులో కాకుండా ముందు నేరుగా చెప్పు, తర్వాత లెటర్ ఇవ్వు. మా ఆసుపత్రిలో నైట్ డ్యూటీ మార్చుకోవాలన్నా రాతపూర్వకంగానే అడుగుతాం. "పర్సనల్ పని" అని దాచడం కూడా అక్కర్లేదు, నాన్నగారి ఆబ్దికం అని రాస్తే ఎవరూ కాదనరు.

లక్ష్మి_రాజమండ్రి | 7:22

సెలవు మా సార్ ఎప్పుడో ఇచ్చేశారు నాగమణి గారూ. పని అప్పగించే మెసేజ్ గురించే నా సందేహం. ఆబ్దికం అని రాయమన్న మాట మాత్రం తీసుకుంటాను. అది తెలిస్తే మధ్యలో ఫోన్ చేయరు.

పద్మావతి_విజయవాడ | రాత్రి 8:05

లక్ష్మి గారూ, నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చాలా ఏళ్లుగా రిటర్నుల పని చూస్తున్నాను. ఇక్కడ మెసేజ్ పొడుగు, పొట్టి అసలు ప్రశ్నే కాదు. మీ మెసేజ్‌లో పనుల పేర్లున్నాయి గానీ, ఆ పని ఎవరి చేతి మీద, ఎవరి ఫోన్ మీద ఆగుతుందో లేదు. మన పనిలో 3బి అంటే నాలుగు అంకెలు నింపడం కాదు కదా. చివర్లో ఓటీపీయో, డిజిటల్ సంతకమో పడాలి. అది ఎవరి దగ్గర ఉందో రాయకపోతే సుధ కంప్యూటర్ ముందు కూర్చుని మీకు ఫోన్ చేస్తూనే ఉంటుంది.

ముందు ఇవి చెప్పండి. ఆ మూడు 3బిలు ఎలాంటి వాళ్లవి? కంపెనీ ఏమైనా ఉందా? ఎవరి ఓటీపీ ఎవరి నంబర్‌కి వస్తుంది? ఈ-వే బిల్లులో ట్రాన్స్‌పోర్టర్ ఐడీ ఇచ్చారా, లేక ఉత్త లారీ నంబర్ మాత్రమే వేశారా?

ఇంకో మాట. "ఫోన్ ఉండదు", "అర్జంట్ అయితే కాల్ చేయండి" రెండూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయి. చదివినవాళ్లు రెండోదే గుర్తుపెట్టుకుంటారు.

లక్ష్మి_రాజమండ్రి | 8:31

మొదటిది ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. డైరెక్టర్ గారి డిజిటల్ సంతకం టోకెన్‌తో వేయాలి. టోకెన్ ఆయన దగ్గరే ఉంటుంది, ఆఫీసుకి వచ్చి పెట్టి వెళ్తారు. రెండోది ఒక ఎలక్ట్రికల్ షాపు, సొంతదారు ఒక్కరే, ఓటీపీ ఆయన మొబైల్‌కీ మెయిల్‌కీ వస్తుంది. గత నెల రెండు రోజులు ఆలస్యంగా వేశాం, డబ్బు సర్దలేదని ఆయనే ఆపమన్నారు. మూడోది ఒక చిన్న ట్రేడర్, మే నెలలో అమ్మకాలూ లేవు కొనుగోళ్లూ లేవు, నిల్ రిటర్ను.

ఈ-వే బిల్లు తీసి చూశాను. ట్రాన్స్‌పోర్టర్ ఐడీ ఖాళీగా ఉంది, లారీ నంబర్ మాత్రమే ఉంది. ఆ పోర్టల్ లాగిన్ ఓటీపీ ప్లైవుడ్ ఓనర్ గారి ఫోన్‌కి వస్తుంది. రోజూ ఆయనకి ఫోన్ చేసి నేనే అడుగుతాను.

వంశీ_హైదరాబాద్ | 8:50

కంపెనీది సింపుల్ కదా. డైరెక్టర్ గారి టోకెన్ తెచ్చి సుధ డ్రాయర్‌లో పెట్టండి, పిన్ గ్రూపులో పెట్టేయండి. యూజర్ ఐడీలు, పాస్‌వర్డులు కూడా అక్కడే ఉంటే ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వేస్తారు. మా ఫ్రెండ్ వాళ్ల ఆఫీసులో ఇలాగే చేస్తారు, హాయిగా నడిచిపోతోంది.

పద్మావతి_విజయవాడ | 9:12

వంశీ గారూ, ఒక్కరి మీదే పని ఆగకూడదన్న మీ ఆలోచన మంచిదే. కానీ ఈ దారి వద్దు. డిజిటల్ సంతకం ఎవరిదో ఆ కీ వాళ్ల అదుపులోనే ఉండాలని 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. టోకెన్, పిన్ రెండూ వేరేవాళ్ల చేతిలో ఉంటే ఆ సంతకంతో ఏం జరిగినా తలనొప్పి ఆ డైరెక్టర్‌కే. ఆ గ్రూపులో నిన్న చేరిన ట్రైనీ కూడా ఉన్నాడు. ఉద్యోగం మానేసినా పాత మెసేజ్‌లు అతని ఫోన్‌లో అలాగే ఉంటాయి. పాస్‌వర్డ్ గ్రూపులోకి వెళ్లకూడదు, అది పాటించి తీరాల్సిందే.

లక్ష్మి గారూ, కంపెనీది అసలు అప్పగించకండి. డైరెక్టర్ గారిని 18న రమ్మని, మీరు ఉండగానే ఫైల్ చేసేయండి. టోకెన్ పని ఎంత అనుభవం ఉన్నవాళ్లనైనా ఒక్కోసారి ఏడిపిస్తుంది. ఆ సంతకం వేయించే ఎంసైనర్ సాఫ్ట్‌వేర్ మీ సిస్టంలో నడిచినా సుధ సిస్టంలో నడవాలని లేదు. "Failed to establish connection to the server. Kindly restart the Emsigner" అని ఎర్ర అక్షరాలు వస్తే మీరు లంకలో, ఆవిడ ఆఫీసులో. దాన్ని మెసేజ్‌లో ఎంత రాసినా లాభం లేదు. కాకపోతే 3బి ఒకసారి ఫైల్ అయ్యాక దాన్నే సవరించడం కుదరదు కాబట్టి, 18న కూర్చునే ముందు పోర్టల్‌లోని 2బి స్టేట్‌మెంట్‌తో ఇన్‌పుట్ క్రెడిట్ మరోసారి సరిచూసుకోండి.

నిల్ రిటర్ను కూడా 18నే అవుతుంది. ఆ ట్రేడర్ తన రిజిస్టర్డ్ మొబైల్ నుంచి 14409 కి ఎస్ఎంఎస్ పంపితే చాలు. జీఎస్టీ నంబర్ పెట్టి ఇలా:

```
NIL 3B <GSTIN> 052025
```

దానికి ఒక కోడ్ తిరిగి వస్తుంది. ఆ కోడ్‌తో `CNF 3B <code>` అని మళ్లీ పంపితే ఫైల్ అయినట్టు. నిజంగా నిల్ అయితేనే సుమా.

అప్పుడు మీరు అప్పగించాల్సింది రెండే: షాపు 3బి, లారీ. మెసేజ్ దానంతట అదే చిన్నదవుతుంది. కిరణ్ గారు అడిగిన పొట్టి మెసేజ్ అలా రావాలి, వివరాలు కోసేస్తే కాదు.

బాబ్జీ_భీమవరం | 9:40

నేను అవతలి వైపు మనిషిని. రొయ్యల మేత షాపు ఉంది నాకు. మా అకౌంటెంట్ సెలవు పెట్టినప్పుడల్లా ఎవరో తెలియని నంబర్ నుంచి "సార్, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తుంది. నేను చెప్పను. చెప్పకూడదు కూడా. బ్యాంకు పేరు చెప్పి ఎంతమందిని ముంచారో రోజూ పేపర్లో చూస్తున్నాం కదా. ఆఖరి రోజు సాయంత్రం మా అకౌంటెంట్ ఊరి నుంచి వచ్చి, "మా వాళ్లు ఫోన్ చేస్తే ఎందుకు చెప్పలేదు" అని నన్నే అడిగాడు.

మీ టీంకి చెప్పినట్టే మాకూ చెప్పండి. "19న సుధ అనే అమ్మాయి, ఫలానా నంబర్ నుంచి, మధ్యాహ్నం రెండు గంటలకు చేస్తుంది" అని మీ నంబర్ నుంచే ముందు రోజు మాకు మెసేజ్ రావాలి. టైం కూడా ముఖ్యం. నేను పొద్దున చెరువు గట్టు మీద ఉంటాను, ఫోన్ బండిలో ఉంటుంది.

పద్మావతి_విజయవాడ | 9:52

బాబ్జీ గారు చెప్పింది బంగారం లాంటి మాట. ఆ ఓటీపీ కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. ఆయన చెరువు గట్టున ఉండగా పంపితే అది వృథా. అందుకే హ్యాండోవర్‌లో క్లయింట్ పేరు పక్కన ఫోన్ ఎత్తే సమయం కూడా ఉండాలి.

శేఖర్_డల్లాస్ | రాత్రి 11:30

మాది సాఫ్ట్‌వేర్ ప్రొడక్షన్ సపోర్ట్. మీ జీఎస్టీ నాకు తెలియదు గానీ గ్రూపు మెసేజ్ బాధ ఒకటే. నేను డల్లాస్‌లో, సగం టీం హైదరాబాద్‌లో. ఒకసారి మా వాళ్లలో ఒకాయన "రేపు ఆఫ్‌లైన్" అని రాత్రి పెట్టాడు. నాకు అది చేరేసరికి ఇక్కడ మధ్యాహ్నం. ఎవరి రేపు? అప్పటినుంచి మా దగ్గర తేదీ, వారం, మొదలు, ముగింపు, ఏ దేశం టైమో కూడా రాయాలని నియమం.

మీరంతా ఒకే ఊళ్లో ఉన్నా "ఎల్లుండి" అనకండి. మెసేజ్ మీరు 17న పెడితే, సుధ 18 ఉదయం చదివితే ఎల్లుండి 20 అవుతుంది. మీకు ఆ ఒక్క రోజే ప్రాణం కదా.

ఇంకొకటి, గ్రూపులో డిసప్పియరింగ్ మెసేజెస్ పెట్టుకున్నారేమో చూసుకోండి. 24 గంటలకు పెట్టి ఉంటే 17 సాయంత్రం పెట్టిన మెసేజ్ 19 పొద్దున కావలసిన వేళకి ఉండదు. లేకపోతే పిన్ చేయండి, 7 రోజులకు పెట్టుకోవచ్చు. పంపాక తప్పు కనబడితే ఎడిట్ చేయడానికి 15 నిమిషాలే ఉంటాయి. ఆ తర్వాత సవరణ కింద ఇంకో మెసేజ్‌గా పెడితే కొందరు పాతదే చదువుతారు. అప్పుడు పాతది తీసేసి మొత్తం మళ్లీ పెట్టడమే మేలు.

కిరణ్_గుంటూరు | జూన్ 17, ఉదయం 7:10

సరే, ఒప్పుకున్నాను. కానీ ఎవరూ చదవకపోతే? మా గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల కింద అన్నీ కొట్టుకుపోతాయి.

శేఖర్_డల్లాస్ | 7:25

మెసేజ్ నొక్కిపట్టి ఇన్ఫోలోకి వెళ్తే ఎవరు చదివారో పేర్లు కనిపిస్తాయి. గ్రూపులో బ్లూ టిక్ దాచుకోవడం కుదరదు. కానీ చదవడం వేరు, ఒప్పుకోవడం వేరు. బొటనవేలు ఎమోజీని నేను లెక్కలోకి తీసుకోను. ఎవరికి ఏ పని ఇచ్చామో వాళ్లు "షాపు 3బి నాది" అని తమ మాటల్లో రాయాలి. అలా రాయకపోతే పని ఇంకా నా మీదే ఉన్నట్టు.

పద్మావతి_విజయవాడ | 9:05

లారీ సంగతికి వద్దాం. ట్రాన్స్‌పోర్టర్ ఐడీ ఇచ్చి ఉంటే గడువు పొడిగించే బాధ్యత ట్రాన్స్‌పోర్ట్ వాళ్లది, మీరు ఎవరికీ అప్పగించే పని ఉండేది కాదు. ఖాళీగా ఉంది కాబట్టి బిల్లు తీసిన పార్టీ లాగిన్ నుంచే పొడిగించాలి. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిసిన 8 గంటల తర్వాత వరకే పోర్టల్ ఒప్పుకుంటుంది. మీ లెక్కలో 19 సాయంత్రం 4 నుంచి 20 ఉదయం 8 వరకు. మీరు 18 రాత్రి ఎంత ప్రయత్నించినా చేయలేరు, 20న తొమ్మిదిన్నరకి వచ్చాక అసలే కుదరదు. అంటే ఇది కచ్చితంగా అప్పగించాల్సిన పని.

కానీ సుధ ఎలా లాగిన్ అవుతుంది? ఈ ఏప్రిల్ 1 నుంచి ఈ-వే పోర్టల్‌లో అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది. సాయంత్రం పూట ఓనర్ ఎత్తకపోతే అంతే సంగతులు. ఈరోజే ఓనర్ గారిని అడిగి, ఆయన లాగిన్‌లో సుధ పేరుతో సబ్ యూజర్ చేయించండి. సబ్ యూజర్‌కి తన సొంత మొబైల్ నంబర్‌కే ఓటీపీ వస్తుంది. పాస్‌వర్డ్ పంచుకునే పనే ఉండదు. రేపు ఒకసారి సుధ చేత లాగిన్ చేయించి చూడండి. మీరు పక్కన ఉండగా పనిచేస్తేనే అది హ్యాండోవర్.

పొడిగించేటప్పుడు కారణం, లారీ ప్రస్తుతం ఉన్న చోటు పిన్‌కోడ్, ఇంకా మిగిలిన దూరం అడుగుతుంది. అవి డ్రైవర్‌కే తెలుసు. డ్రైవర్ నంబర్ సుధకి విడిగా పంపండి, గ్రూపులో వద్దు.

ఇక షాపు 3బి. గత నెల రెండు రోజులు ఆలస్యమైంది అన్నారు. ఆ లేట్ ఫీజు ఈ నెల 3బిలో వచ్చి కూర్చుంటుంది. నిల్ కాని రిటర్నుకి రోజుకి 50 చొప్పున 100, అందులో సగం సెంట్రల్, సగం స్టేట్. పన్ను హెడ్ కింద కట్టిన డబ్బు లేట్ ఫీజుకి నేరుగా సర్దుబాటు కాదు. చలాన్‌లో ఆ హెడ్ కింద విడిగా లేకపోతే ఫైల్ బటన్ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. కాబట్టి ఇలాంటి చిన్న తేడా వస్తే ఎంత వరకు సుధ సొంతంగా నిర్ణయించవచ్చో, ఎక్కడినుంచి సార్‌ని అడగాలో మెసేజ్‌లో రాయండి. చాలామంది ఏం చేయాలో రాస్తారు, ఎంత వరకు చేయొచ్చో రాయరు. జూనియర్లు ఆగిపోయేది అక్కడే.

లక్ష్మి_రాజమండ్రి | మధ్యాహ్నం 1:20

పద్మావతి గారూ, మీకు చాలా రుణపడి ఉంటాను. ఓనర్ గారు ఒప్పుకున్నారు, సబ్ యూజర్ అయింది, సుధ ఇప్పుడే లాగిన్ చేసి చూసింది. డైరెక్టర్ గారు రేపు పదకొండుకి వస్తామన్నారు. కొత్త మెసేజ్ ఇది. ఈ సాయంత్రం పెడతాను:

"19 జూన్, గురువారం నేను ఫోన్‌లో దొరకను. 18 రాత్రి 9 నుంచి 20 ఉదయం 9:30 వరకు. నాన్నగారి ఆబ్దికం. కాల్, మెసేజ్ ఏదీ చూడలేను.

నా చేతిలో ఉన్న కంపెనీ 3బి, నిల్ 3బి రెండూ 18నే అయిపోతాయి. వాటి గురించి ఎవరూ చూడక్కర్లేదు. మిగిలినవి రెండే.

@రమేష్ గారు: ఎలక్ట్రికల్ షాపు 3బి. అంకెలు నింపి సేవ్ చేశాను. లేట్ ఫీజు హెడ్‌తో సహా చలాన్ తయారుగా ఉంది, ఓనర్ 19 ఉదయం కడతారు. మధ్యాహ్నం 2కి లెడ్జర్‌లో డబ్బు వచ్చిందో చూసి, ఆయనకి ఫోన్ చేసి ఓటీపీ తీసుకుని ఫైల్ చేయండి. ఆయన ఫోన్ 2 నుంచి 4 మధ్యే ఎత్తుతారు. మీరు చేస్తారని నేను చెప్పి ఉంచాను. 500 లోపు తేడా వస్తే మీరే కొత్త చలాన్ చేసి ఆయనకి పంపండి. అంతకు మించితే ఫైల్ చేయకుండా సార్‌ని అడగండి. 19న కాకపోతే ఆపేయండి, 20 ఉదయం నేను చూస్తాను.

@సుధ: ప్లైవుడ్ లారీ, నాగపూర్. 19 సాయంత్రం 4కి డ్రైవర్‌కి ఫోన్ చెయ్యి. సరుకు దిగిపోతే ఏమీ చేయక్కర్లేదు. దిగకపోతే అప్పుడే గడువు పొడిగించి, కొత్త తేదీ ఉన్న ప్రింట్ ఓనర్‌కి పంపు. దీన్ని 20వ తేదీకి వదలొద్దు, ఉదయం 8 దాటితే పొడిగించడం కుదరదు.

నిర్ణయం కావలసినవన్నీ సార్‌కి. ఇద్దరూ మీ పని పేరు రాసి జవాబివ్వండి."

ఎమర్జెన్సీకి మా తమ్ముడి నంబర్ కూడా పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

నాగమణి_వరంగల్ | 1:45

పెట్టు తల్లీ. మా వార్డులో ఇన్‌చార్జి ఊరెళ్లినా ఇంకో నంబర్ ఇచ్చే వెళ్తుంది. పేషెంట్ సంగతి ఎప్పుడు ఎలా తిరుగుతుందో ఎవరికి తెలుసు?

పద్మావతి_విజయవాడ | 2:10

నేను ఇవ్వను. తమ్ముడు ఆ రోజు కర్త. పిండ ప్రదానం దగ్గర కూర్చున్న మనిషికి ఆఫీసు ఫోన్ ఏమిటి? నిర్ణయాలు సార్‌కి అని రాశారు కదా, అదే ఎమర్జెన్సీ నంబర్. ఇంకో నంబర్ కనిపిస్తే సార్ దగ్గరికి వెళ్లాల్సినవి కూడా అటే వెళ్తాయి.

నాగమణి_వరంగల్ | 2:18

ఇంట్లో ఇంకెవరి నంబరైనా ఇవ్వొచ్చుగా, పక్కింటివాళ్లదైనా. అవసరం పడకపోతే సంతోషం. మీ లెక్కల పనికి అక్కర్లేదేమో గానీ, మనిషి ఎక్కడున్నదీ ఒకరికి తెలిసి ఉండాలని నా పట్టుదల.

శేఖర్_డల్లాస్ | రాత్రి 8:40

మా దగ్గర ఇస్తాం, కానీ మేనేజర్ ఒక్కరికే. గ్రూపులో వేయం. మెసేజ్ బాగుంది లక్ష్మి గారూ. "వాటి గురించి ఎవరూ చూడక్కర్లేదు" అన్న వాక్యం నాకు అన్నిటికన్నా నచ్చింది. అది లేకపోతే ఎవరో ఒకరు అయిపోయిన పనిని మళ్లీ తెరుస్తారు.

లక్ష్మి_రాజమండ్రి | జూన్ 20, రాత్రి 9:15

ఆబ్దికం ప్రశాంతంగా జరిగింది. తమ్ముడి నంబర్ మా సార్‌కి మాత్రమే ఇచ్చాను, ఆయన చేయలేదు.

కంపెనీది 18న అనుకున్నట్టే అయింది. షాపు ఓనర్ 19 ఉదయం చలాన్ కట్టారు, రమేష్ గారు రెండున్నరకి ఫైల్ చేసి రిఫరెన్స్ నంబర్ గ్రూపులో పెట్టారు. ఎవరు ఫోన్ చేస్తారో ముందే చెప్పి ఉంచడంతో ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. బాబ్జీ గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

లారీ మాత్రం చంద్రపూర్ దగ్గర టైరు పేలి ఆగిపోయింది. సుధ నాలుగింటికి చేస్తే డ్రైవర్ ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేస్తే ఆరు దాటాక దొరికాడు. తనున్న ఊరి పిన్‌కోడ్ అతనికి తెలియదు. పక్కన ఉన్న డాబా వాళ్లని అడిగి బోర్డు మీద ఉన్నది చదివించింది. ఏడు లోపే గడువు పొడిగించేసింది. నాకు ఫోన్ చేయాలన్న ఆలోచనే రాలేదంది, చేసినా దొరకనని మొదటి వాక్యంలోనే ఉంది కాబట్టి.

ఇంకో సమస్య మిగిలింది. ఈ రెండు పనులతో సంబంధం లేని క్లయింట్లు ఇన్‌వాయిస్‌లు, ప్రశ్నలు నేరుగా నా నంబర్‌కే పంపారు. ఆఫీసులో ఎవరికీ అవి తెలియవు. ఇవాళ పొద్దున్నుంచి వాటితోనే సరిపోయింది. వీటికి మీరేం చేస్తారు?

కిరణ్_గుంటూరు | 9:30

వాట్సాప్ బిజినెస్ అయితే "ఎవే మెసేజ్" పెట్టుకోవచ్చు. ఫలానా తేదీ వరకు లేను, ఆఫీసు నంబర్ ఇది అని దానంతట అదే వెళ్తుంది.

లక్ష్మి_రాజమండ్రి | 9:34

నాది మామూలు వాట్సాప్. అదే నంబర్ మా చుట్టాల దగ్గరా ఉంది.

బాబ్జీ_భీమవరం | 9:50

ఒక క్లయింట్‌గా చెబుతున్నా. ఆ ఎవే మెసేజ్ వచ్చినా నేను ఆఫీసు నంబర్‌కి చేయను. నా లెక్కలు తెలిసిన మనిషి వచ్చేదాకా ఆగుతాను. ఇంకొకరికి మొదటినుంచి ఎవరు చెప్తారు?

పద్మావతి_విజయవాడ | 10:05

మేము క్లయింట్లందరికీ ఆఫీసు నంబరే ఇచ్చి, ఆ ఫోన్ టేబుల్ మీద ఉంచుతాం. కొత్తవాళ్లు అలవాటు పడ్డారు. పాత క్లయింట్లు బాబ్జీ గారిలాగే ఇప్పటికీ నా సొంత నంబర్‌కే పెడతారు. వాళ్ల విషయంలో నాకూ దారి దొరకలేదు లక్ష్మి గారూ. ఎవరైనా సాధించి ఉంటే ఇక్కడ రాయండి.